బ్యాంకు లెక్క సరిపోయింది, మరి ఆ పార్సిల్ డబ్బేది?

మంగళగిరి, చీరాల, పోచంపల్లి, గద్వాల వంటి నేత ఊళ్లలో ఇప్పుడు చాలామంది చీరలు నేరుగా ఫోన్లోనే అమ్ముతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెడతారు, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుంటారు, సాయంత్రానికి పార్సిళ్లు కట్టి బజార్లోని కొరియర్ కౌంటర్‌లో ఇచ్చి వస్తారు. కొన్నవాళ్లలో ముందే డబ్బు పంపేవాళ్లు కొందరే. ముక్కూ మొహం తెలియని అమ్మకందారుకి ముందుగా డబ్బు వేయడానికి వెనకాడేవాళ్లే ఎక్కువ. అందుకే క్యాష్ ఆన్ డెలివరీ, వాడుకలో సీవోడీ. సరుకు చేతికొచ్చాక డబ్బిస్తారు. ఆ డబ్బు అమ్మినవారికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో, ఏ చేతి దగ్గర ఆగిపోయిందో కనిపెట్టడం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

కొనుగోలుదారు ఇచ్చిన నగదును డెలివరీ కుర్రాడు ఆ సాయంత్రం తన హబ్‌లో కడతాడు. హబ్ దాన్ని కొరియర్ కంపెనీ ఖాతాకు పంపుతుంది. కంపెనీ ఒప్పందంలో రాసుకున్నన్ని రోజులు ఆగి, ఆ గడువులో డెలివరీ అయిన పార్సిళ్లన్నిటి డబ్బునూ ఒకే మొత్తంగా అమ్మకందారు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. దీన్నే రిమిటెన్స్ అంటారు. చాలామంది విషయంలో కొరియర్ ఛార్జీలను కంపెనీ అందులోనే పట్టుకుని, మిగిలింది వేస్తుంది. అంటే ఖాతాలో పడే అంకె ఏ ఒక్క చీర ధరతోనూ కలవదు. ఆ అంకె వెనక ఏయే పార్సిళ్లున్నాయో చెప్పే కాగితమే రిమిటెన్స్ స్టేట్‌మెంట్.

పెద్ద అమ్మకందారులకు కంపెనీ వెబ్‌సైట్‌లో సొంత లాగిన్ ఉంటుంది. స్టేట్‌మెంట్‌ను ఎక్సెల్ ఫైలుగా దించుకుంటారు. బజారు కౌంటర్ ద్వారా పంపే చిన్నవాళ్లకు ఆ సౌకర్యం చాలాసార్లు ఉండదు. కౌంటర్ ఆయన ప్రింటు తీసిన కాగితం చూపిస్తాడు, లేదంటే తన కంప్యూటర్ తెర ఇటు తిప్పి "ఫొటో తీసుకోమ్మా" అంటాడు. అలా ఆ కాగితం లెక్క ఫోన్ గ్యాలరీలో ఒక ఫొటోగా మిగులుతుంది. ఎక్సెల్ ఫైలు అడిగితే ఇచ్చే వీలుంటే ముందు అదే అడగాలి. ఫొటో రెండో దారి. కానీ చాలామందికి ఉన్నది ఆ రెండో దారే కాబట్టి, దానితోనే పని ఎలా జరిపించుకోవాలో చూద్దాం.

ఫొటో తీసేటప్పుడే సగం పని పూర్తవుతుంది, లేదా సగం చెడుతుంది. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌ను సరిగ్గా దాని పైన పట్టి తీయాలి. పక్క నుంచి తీస్తే వరుసలు ఏటవాలుగా వచ్చి, ఒక పార్సిల్ నంబరు ఎదురుగా కింది పార్సిల్ డబ్బు ఉన్నట్టు కనబడుతుంది. స్టేట్‌మెంట్ పొడవుగా ఉండి రెండు మూడు ఫొటోలు తీయాల్సి వస్తే, మొదటి ఫొటోలోని చివరి రెండు వరుసలు రెండో ఫొటోలోనూ రావాలి. అలా కలిపి తీయకపోతే మధ్యలో ఒక వరుస ఏ ఫొటోలోనూ పడకుండా పోవచ్చు, పోయిందని తెలియను కూడా తెలియదు. గళ్ల పైనుండే శీర్షికలు, అడుగునుండే మొత్తం, డబ్బు వేసిన తేదీ, యూటీఆర్ నంబరు, ఇవన్నీ ఫొటోలో ఉండి తీరాలి. యూటీఆర్ అంటే బ్యాంకు ఆ చెల్లింపుకి ఇచ్చే ప్రత్యేక సంఖ్య. అదే సంఖ్య మన పాస్‌బుక్‌లోనూ కనబడుతుంది. కాగితాన్నీ బ్యాంకునూ కలిపేది అదే.

ఆ ఫొటోను లెక్కలు రాసే బంధువుకో అకౌంటెంటుకో వాట్సాప్‌లో మామూలుగా పంపితే, వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. సన్న అంకెలు అలుక్కుపోతాయి. 3 కాస్తా 8లా, 1 కాస్తా 7లా, 5 కాస్తా 6లా కనబడతాయి. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా జతచేస్తే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. కౌంటర్ ఇచ్చింది బిల్లింగ్ మెషీన్‌లో వచ్చే మెరుపు కాగితమైతే దాని మీది రాత కొన్నాళ్లకు వెలిసిపోతుంది కాబట్టి, దానికి తీసిన ఫొటోనే రేపటి సాక్ష్యం.

ఇక అసలు సంగతి. చాలామంది చేసే సరిచూపు ఏమిటంటే, స్టేట్‌మెంట్ అడుగున ఉన్న నికర మొత్తాన్ని బ్యాంకులో పడిన మొత్తంతో పోల్చడం. రెండూ ఒకటే అయితే "టాలీ అయింది" అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఇందులో ఒక పెద్ద లోటుంది. స్టేట్‌మెంట్ కంపెనీ రాసిందే, బ్యాంకులో వేసిందీ కంపెనీయే. ఒకరి చేతిలోంచి వచ్చిన రెండు అంకెలు కలిశాయంటే వాళ్ల లెక్క వాళ్లకు సరిపోయిందని అర్థం. మన పార్సిళ్లన్నీ అందులో ఉన్నాయని మాత్రం కాదు. పోయిన డబ్బు స్టేట్‌మెంట్‌లో ఎక్కడా కనబడదు, ఎందుకంటే స్టేట్‌మెంట్‌లో లేకపోవడమే అది పోవడం. దాన్ని చూపించగలిగేది ఒక్క మన ఆర్డర్ల పుస్తకమే. అందుకే లెక్క ఎప్పుడూ మన పుస్తకం వైపు నుంచి మొదలుకావాలి.

ఒక ఉదాహరణ కట్టుకుని, అంకెలతో సహా చివరిదాకా వెళదాం. మంగళగిరిలో నూలు చీరలు అమ్మే ఒకావిడ ఒక వారంలో 12 సీవోడీ పార్సిళ్లు పంపారనుకుందాం. కొనుగోలుదారుల దగ్గర వసూలు చేయాల్సింది మొత్తం 18,400 రూపాయలు. ఆ పై గురువారం వరకు డెలివరీ అయిన వాటికి కొరియర్ వాళ్లు తర్వాతి బుధవారం డబ్బు వేశారు. ఖాతాలో పడింది 10,016 రూపాయల 86 పైసలు. కౌంటర్ దగ్గర తీసిన రెండు ఫొటోల్లో స్టేట్‌మెంట్ ఉంది. అందులో ఎనిమిది పార్సిళ్లున్నాయి. వసూలైన మొత్తం 11,460, మినహాయింపులు 1,443.14, నికరం 10,016.86. బ్యాంకుతో పైసాతో సహా కలిసింది.

చేయాల్సిన మొదటి పని, ఫొటోలోని వరుసలను ఒక షీట్‌లోకి ఎక్కించడం. చేత్తో కొట్టినా, ఫోన్లో ఉండే ఫొటోలోంచి అక్షరాలు తీసుకునే సౌకర్యంతో చేసినా, ఒక జాగ్రత్త తప్పదు. పార్సిల్‌కు ఉండే ట్రాకింగ్ నంబరు, కొరియర్ వాళ్ల మాటల్లో ఏడబ్ల్యూబీ నంబరు, చాలా పొడుగ్గా ఉంటుంది. ఎక్సెల్ దాన్ని గుర్తింపు సంఖ్యగా కాక లెక్కలోని సంఖ్యగా భావించి, 23458100417735 అని కొడితే 2.34581E+13 అని చూపిస్తుంది. ముందు సున్నా ఉంటే తీసేస్తుంది. 15 అంకెలు దాటితే మిగతావాటిని సున్నాలు చేసేస్తుంది. అందుకని నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను Text అని మార్చుకోవాలి. కొట్టాక మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.

ఎక్కించాక, ఎక్కించింది సరైందో కాదో ఫొటోతోనే తేల్చాలి. వరుసలు ఎన్నో లెక్కపెట్టాలి, డబ్బు కూడాలి, స్టేట్‌మెంట్ మీద అచ్చయిన మొత్తంతో పోల్చాలి. మన ఉదాహరణలో ఎనిమిది వరుసలు కూడితే 11,820 వచ్చింది. కాగితం మీద ఉన్నది 11,460. తేడా 360. పాత గుమస్తాలందరికీ తెలిసిన ఒక ఒడుపు ఇక్కడ పనికొస్తుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే, పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చు. 360 అంటే 9 నలభైలు. పదుల, వందల స్థానాల్లో 1, 5 ఉన్న వరుసలు వెతికితే దొరికింది. కాగితం మీద 2,150 ఉంటే షీట్‌లో 2,510 అని పడింది. ఈ ఒడుపుకి ఒక పరిమితి ఉంది. 450, 900 లాంటి మామూలు తేడాలు కూడా 9తో భాగింపబడతాయి. కాబట్టి ఇది ఎక్కడ వెతకాలో చెబుతుంది తప్ప తప్పు అదేనని తేల్చదు. సరిచేశాక మొత్తం 11,460 వచ్చింది. దీనితో రెండు సంగతులు రుజువయ్యాయి. అంకెలు సరిగా ఎక్కాయి, రెండు ఫొటోల మధ్య ఏ వరుసా జారిపోలేదు. ఈ రెండో సంగతి కాసేపట్లో అక్కరకొస్తుంది.

డబ్బు అంకెల్లో తప్పును మొత్తం పట్టిస్తుంది. మరి ట్రాకింగ్ నంబర్లో తప్పును ఏది పట్టిస్తుంది? తపాలా శాఖ ద్వారా పంపేవాళ్లకు దీనికి చక్కటి ఏర్పాటుంది. స్పీడ్ పోస్ట్ నంబరు EN582041731IN లాగా ఉంటుంది. ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర IN. ఈ నంబరు ఉదాహరణకు కట్టింది. తొమ్మిది అంకెల్లో చివరిది మిగతా ఎనిమిదింటికి కాపలా. ఎనిమిది అంకెలనూ వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడాలి. ఇక్కడ 40, 48, 8, 0, 12, 5, 63, 21, వెరసి 197. దాన్ని 11తో భాగిస్తే శేషం 10. 11లోంచి 10 తీసేస్తే 1. తొమ్మిదో అంకె 1 కాబట్టి నంబరు సరైందే. ఫొటోలో 3ను 8 అని చదివి ఉంటే, చివరి 21 స్థానంలో 56 వచ్చి, మొత్తం 232 అవుతుంది. శేషం 1. 11లోంచి తీస్తే 10. ఇలా 10 వచ్చినప్పుడు కాపలా అంకె 0 అనీ, 11 వస్తే 5 అనీ నియమం. 0 రావాల్సిన చోట 1 ఉంది కాబట్టి ఏదో అంకె తప్పు చదివామని వెంటనే తెలిసిపోతుంది. అంతర్జాతీయ తపాలా నంబర్లన్నిటికీ ఇదే పద్ధతి. ప్రైవేటు కొరియర్ల నంబర్లకు ఇలాంటి బయటికి తెలిసిన సూత్రం ఉంటుందని లెక్కపెట్టుకోలేం. వాటి విషయంలో మన పుస్తకంలోని నంబర్‌తో పోల్చడమే పరీక్ష.

ఇప్పుడు రెండు షీట్లున్నాయి. ఒకటి ఆర్డర్లది, ఒకటి స్టేట్‌మెంట్‌ది. మొదటి షీట్‌లో ప్రతి ఆర్డరు పక్కన, ఆ నంబరు మీద స్టేట్‌మెంట్‌లో ఎంత వచ్చిందో తెప్పించే సూత్రం పెట్టాలి. రెండో షీట్‌లో ప్రతి వరుస పక్కన, ఆ నంబరు మన ఆర్డర్లలో ఎన్నిసార్లు ఉందో చెప్పే సూత్రం పెట్టాలి. ట్రాకింగ్ నంబరు A వరుసలో, వసూలైన డబ్బు C వరుసలో ఉన్నాయనుకుంటే ఇవీ ఆ రెండు సూత్రాలు:

```
=SUMIF(Statement!A:A, A2, Statement!C:C)
=COUNTIF(Orders!A:A, A2)
```

మొదటిది మన వైపు నుంచి చూస్తుంది. 0 వస్తే ఆ పార్సిల్ డబ్బు ఇంకా రాలేదన్నమాట. అనుకున్నదానికి రెట్టింపు వస్తే ఒకే వరుస రెండు ఫొటోల్లోంచి రెండుసార్లు ఎక్కిందన్నమాట. రెండోది వాళ్ల వైపు నుంచి చూస్తుంది. 0 వస్తే మనకు తెలియని నంబరు మీద డబ్బు వచ్చిందన్నమాట. పుస్తకంలోనే చేసుకునేవాళ్లు ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ ఇదే పని చేయొచ్చు. కావాల్సింది రెండు వైపుల నుంచీ చూడటం.

నంబరు లేకుండా డబ్బు మొత్తాన్ని బట్టి జతచేయడం మాత్రం వద్దు. ఈ వారం పంపిన 12లో 1,250 రూపాయల పార్సిళ్లు మూడున్నాయి. స్టేట్‌మెంట్‌లో రెండే ఉండి ఉంటే, మూడింటిలో ఎవరి డబ్బు రాలేదో మొత్తం చూసి చెప్పలేం. చీరల ధరలు గుండ్రంగా పెట్టుకుంటాం కాబట్టి ఈ ఇబ్బంది ప్రతి వారం ఉంటుంది.

పోల్చగానే ఒక తేడా పైకి తేలింది. పుస్తకంలో 1,650 అని ఉన్న ఆర్డరుకి స్టేట్‌మెంట్‌లో 1,450 ఉంది. కొరియర్ వాళ్లు 200 తగ్గించారనిపిస్తుంది. వాట్సాప్ తిరగేస్తే ఆ కొనుగోలుదారు 200 అడ్వాన్సు ముందే యూపీఐలో వేసి ఉన్నారు. పార్సిల్ చీటీ మీద 1,450 అనే రాసి పంపారు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. లోపం పుస్తకం గళ్లలో ఉంది. అడ్వాన్సు తీసుకునేవాళ్లకు ధర ఒక గడిలో, అడ్వాన్సు ఒక గడిలో, డెలివరీ అప్పుడు వసూలు చేయాల్సింది మరో గడిలో ఉండాలి. స్టేట్‌మెంట్‌తో పోల్చాల్సింది ఆ మూడో గడినే. మొదట చెప్పిన 18,400 కూడా ఆ గడి మొత్తమే.

ఇక స్టేట్‌మెంట్‌లో లేని నాలుగు పార్సిళ్లు మిగిలాయి. వాటి విలువ 6,940. అన్నిటినీ కలిపి "రావాల్సింది" అని ఒక ముద్దగా రాసుకుంటే అక్కడితో ఆట ముగిసినట్టే. ఒక్కోదాన్నీ విడిగా ట్రాకింగ్‌లో చూడాలి. రెండు పార్సిళ్లు, 890ది ఒకటీ 1,100ది ఒకటీ, కొనుగోలుదారు తీసుకోక వెనక్కి వచ్చాయి. కొరియర్ భాషలో ఆర్‌టీవో. వాటి డబ్బు రాదు, సరుకు రావాలి. చీర తిరిగి చేతికొచ్చి, విప్పి చూసి బీరువాలో పెట్టిన రోజే ఆ పద్దు మూసేయాలి. ట్రాకింగ్‌లో "రిటర్న్" అని పడినంత మాత్రాన మూసేస్తే, దారిలో పోయిన సరుకును అడిగేవాళ్లే ఉండరు. మూడోది 1,750 రూపాయలది, శుక్రవారం డెలివరీ అయింది. గురువారంతో ఈ గడువు ముగిసింది కాబట్టి అది తర్వాతి స్టేట్‌మెంట్‌లో రావాలి. కంగారు లేదు.

నాలుగోది 3,200 రూపాయల పట్టంచు చీర. ట్రాకింగ్ హైదరాబాద్ హబ్ దగ్గర ఆగి ఉంది. అంతా దారిలో ఉందనే అనుకుంటారు. ఇలాంటప్పుడు ట్రాకింగ్‌ను నమ్మి ఊరుకోకుండా కొనుగోలుదారుకి ఒక ఫోన్ చేయడం మంచిది.

"అమ్మా, చీర అందిందా?"

"ఎప్పుడో అందిందండీ. డబ్బులు కూడా ఆ అబ్బాయి చేతికే ఇచ్చేశాను కదా."

బ్యాంకు పైసాతో సహా కలిసిన ఆ బుధవారమే 3,200 రూపాయలు ఎక్కడో ఉండిపోయాయి.

ఎక్కడ ఆగిందో తెలియడానికి మినహాయింపుల భాగం చదవాలి. చాలామంది ఆ భాగాన్ని మొత్తం చూసి వదిలేస్తారు. నిజానికి సమాచారం ఎక్కువగా ఉండేది అక్కడే. మన ఉదాహరణలో పార్సిల్‌కు 70 రూపాయల చొప్పున పది పార్సిళ్లకు 700 పట్టుకున్నారు. పది అంటే డబ్బొచ్చిన ఎనిమిదీ, వెనక్కొచ్చిన రెండూ. వెనక్కి తెచ్చినందుకు ఆ రెండింటికీ ఇంకో 140. సీవోడీ రుసుము ఒప్పందం ప్రకారం 40 రూపాయలు లేదా వసూలులో 2 శాతం, ఏది ఎక్కువైతే అది. అంటే 2,000 దాటిన పార్సిల్‌కే 2 శాతం వర్తిస్తుంది. ఎనిమిదింటిలో ఏడింటికి 40 చొప్పున 280, 2,150 పార్సిల్‌కు 43, మొత్తం 323. బరువు తేడా కింద 60. ఇవన్నీ కలిపి 1,223. దాని మీద జీఎస్టీ 18 శాతం, 220.14. మొత్తం 1,443.14.

ఆ 60 మీద చాలామందికి కోపం వస్తుంది. "నేను తూచి పంపాను, 480 గ్రాములే, అర కిలో ధరే పడాలి" అంటారు. తూచింది నిజమే. కానీ కొరియర్ వాళ్లు బరువుతోపాటు పార్సిల్ ఆక్రమించే చోటును కూడా లెక్కగడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. వచ్చేది కిలోల్లో. 2,150 చీరను కానుకగా పంపమన్నారని కవరు బదులు 32, 24, 5 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెట్టారు. గుణిస్తే 3,840, భాగిస్తే 0.768 కిలో. అర కిలో దాటింది కాబట్టి కిలో ధర పడింది. వాళ్ల లెక్క సరైందే. ఇదే తేడా కవరులో పంపిన చీర మీద పడితే మాత్రం ఊరుకోకూడదు. తూనిక మీద పార్సిల్ ఉన్న ఫొటో, టేపుతో కొలిచిన ఫొటో ఉంటే అడగడానికి ఆధారం ఉంటుంది. కొన్ని ఒప్పందాల్లో బరువు తేడా మీద అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది. వారం వారం చూసుకోవాలనడానికి ఇదొక గట్టి కారణం.

ఇప్పుడు 3,200 దగ్గరికి రండి. రవాణా ఛార్జీ పట్టుకున్న పదింటిలో ఆ పార్సిల్ లేదు. ఇది గమనించాల్సిన ఆనవాలు. ఛార్జీ పట్టుకుని సీవోడీ డబ్బు ఇవ్వకపోతే, డెలివరీ అయినట్టు కంపెనీ లెక్కల్లో ఉందన్నమాట. అప్పుడు మొదట అనుమానించాల్సింది బుకింగ్‌ను. కౌంటర్లో పొరపాటున ప్రీపెయిడ్ అని కొట్టి ఉంటే డెలివరీ కుర్రాడు డబ్బే అడగడు, కంపెనీ ఇవ్వాల్సిందీ ఉండదు. రసీదు మీద, పార్సిల్ మీద అంటించిన చీటీ ఫొటో మీద సీవోడీ అని ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. ఇక్కడ అలా కాదు. డబ్బూ రాలేదు, ఛార్జీ కూడా పడలేదు. ఆ నంబరు వాళ్ల లెక్కల దాకా చేరనే లేదు. స్టేట్‌మెంట్ మొత్తం మన కూడికతో సరిపోయింది కాబట్టి ఫొటోలో వరుస తప్పిపోయిందన్న అనుమానానికీ తావు లేదు. పార్సిల్ చేరింది, నంబరు చేరలేదు. అంటే దారిలో నంబరు మారి ఉండాలి. చీటీ చిరిగినా, తడిసినా, ఒక కంపెనీ పార్సిల్‌ను ఆ ప్రాంతంలో ఇంకో కంపెనీ చేరవేసినా, హబ్‌లో కొత్త చీటీ కొత్త నంబర్‌తో అంటిస్తారు.

అయినా ఆ రోజే రాతపూర్వకంగా అడిగి పెట్టాలి. నోటి మాటగా కౌంటర్లో చెప్పింది ఎక్కడా నమోదు కాదు. మెయిల్లోనో కంపెనీ ఫిర్యాదు పేజీలోనో పాత ట్రాకింగ్ నంబరు, బుకింగ్ తేదీ, సీవోడీ మొత్తం, పిన్ కోడ్, కొనుగోలుదారు చెప్పిన డెలివరీ తేదీ రాసి, రసీదు ఫొటో, చీటీ ఫొటో జతచేసి, డెలివరీ రుజువు పంపమని అడగాలి. "నా డబ్బు తక్కువ వచ్చింది" అని రాస్తే జవాబు రావడానికి వారాలు పడుతుంది. ఒక నంబరు, ఒక తేదీ, ఒక మొత్తం రాస్తే అవతలివాళ్లు వెతకగలరు.

తర్వాతి బుధవారం స్టేట్‌మెంట్‌లో 1,750 అనుకున్నట్టే వచ్చింది. రెండో షీట్‌లోని సూత్రం ఒక వరుస దగ్గర 0 చూపించింది. మన పుస్తకంలో ఎక్కడా లేని నంబరు, ఎదురుగా 3,200. పిన్ కోడ్ ఆ కొనుగోలుదారుదే. డెలివరీ తేదీ ఆవిడ చెప్పిన రోజే. ఆ వారం పుస్తకంలో 3,200 పార్సిల్ అదొక్కటే కావడం ఇక్కడ కలిసొచ్చింది. అదే 1,250 అయ్యుంటే, మొత్తం ఒకటే అని జతచేయకుండా పిన్ కోడ్, తేదీ చూసి, కంపెనీ జవాబు కోసం ఆగాల్సి వచ్చేది. పాత నంబరు పక్కన కొత్త నంబరు రాసి, రెండు వైపులా పద్దు మూసేయొచ్చు. మన వైపు నుంచి మాత్రమే చూసి ఉంటే ఆ ఆర్డరు ఎప్పటికీ బాకీగానే మిగిలేది. వాళ్ల వైపు నుంచి మాత్రమే చూసి ఉంటే ఎవరిదో డబ్బు మనకొచ్చిందని దిగులుపడేవాళ్లం.

తర్వాతి స్టేట్‌మెంట్లు చదివేటప్పుడు కళ్లు పెట్టాల్సింది ఇంకొకటుంది. అంకె ముందు చిన్న గీతగానీ, అంకె చుట్టూ బ్రాకెట్లుగానీ ఉంటే అది మనకిచ్చింది కాదు, మన దగ్గర వెనక్కి తీసుకున్నది. ముందు డెలివరీ అని లెక్కగట్టి డబ్బు వేసిన పార్సిల్, తర్వాత వెనక్కి వచ్చినట్టు తేలితే ఇలా చేస్తారు. మసక ఫొటోలో మొట్టమొదట మాయమయ్యేది ఆ చిన్న గీతే. తేడా ఎలా పట్టుకోవాలంటే, మన కూడిక అచ్చయిన మొత్తం కన్నా సరిగ్గా ఆ అంకెకు రెట్టింపు ఎక్కువ వస్తుంది. తీసేయాల్సినదాన్ని కలిపాం కాబట్టి. ఇలా వెనక్కి తీసుకున్న ప్రతి వరుసకూ చీర మన చేతికి తిరిగి వచ్చిందో లేదో పుస్తకంలో చూసుకోవాలి. డబ్బు తీసేసుకుని సరుకు రాకపోతే అదింకో ఫిర్యాదు.

అమ్మకాల పద్దు రాసేటప్పుడు మరో సంగతి. బ్యాంకులో 10,016.86 పడింది కదా అని అంతే అమ్మకంగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎనిమిది పార్సిళ్ల మీద కొనుగోలుదారులు కట్టింది 11,460. అమ్మకం కింద రాయాల్సింది అదే, దానికి తోడు అడ్వాన్సుగా వచ్చిన 200. కొరియర్‌కు పోయిన 1,443.14 ఖర్చు కింద విడిగా రావాలి. రెండూ కలిపేస్తే ఏ చీర మీద ఎంత మిగిలిందో ఎన్నటికీ తెలియదు. వెనక్కొచ్చిన రెండు పార్సిళ్లు ఒక్క రూపాయి తేకుండా రానూ పోనూ 280 రూపాయలు, దాని మీద జీఎస్టీ తిన్నాయన్న సంగతి కూడా విడిగా రాసినప్పుడే కంటికి కనబడుతుంది. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు ఆ 220.14ను తమ పన్నులో సర్దుకోవాలంటే రిమిటెన్స్ స్టేట్‌మెంట్ ఫొటో చెల్లదు. తమ జీఎస్టీ నంబర్‌తో కొరియర్ కంపెనీ ఇచ్చే పన్ను ఇన్‌వాయిస్ కావాలి. కౌంటర్లో బుక్ చేసేటప్పుడే ఆ నంబరు ఇచ్చి ఉండాలి.

ఫొటోలకు పేర్లు పెట్టుకుంటే వెతకడం తేలిక. డబ్బు పడిన తేదీ, యూటీఆర్ చివరి ఆరంకెలు, ఎన్నో పేజీ, ఇవి చాలు. గ్యాలరీలో పిల్లల ఫొటోల మధ్య వదిలేయకుండా విడిగా ఒక ఫోల్డరులో, ఫోన్ పోయినా ఉండేలా ఇంకోచోట కూడా దాచుకోవాలి. ఆర్డర్ల పుస్తకంలో ప్రతి పార్సిల్‌కూ చివర ఒక గడి ఉంచి, డబ్బొస్తే ఆ స్టేట్‌మెంట్ తేదీ, సరుకు తిరిగొస్తే చేతికందిన తేదీ, ఫిర్యాదు పెడితే దాని నంబరు రాసుకోవాలి. బుధవారం లెక్క ముగిసేసరికి ఖాళీగా ఉన్న గళ్లే వచ్చే వారం అడగాల్సిన పార్సిళ్లు.